సవరణ: మొప్పలు వేడిని దాచవు

"బాతు కాళ్ళలాగే చేప మొప్పల్లోనూ ఎదురు ప్రవాహం వేడిని కాపాడుతుందని రాశారు. చల్లటి నీళ్ళు తగులుతుంటే అక్కడ రక్తం చల్లబడిపోదా?"

చల్లబడిపోతుంది. తప్పు నాదే, మన్నించండి.

బాతు కాలి గురించి రాసింది సరైనదే. కిందికి దిగే ధమని, పైకొచ్చే సిరలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, వాటిలో రక్తం ఎదురెదురుగా పారుతుంది. ఎదురు ప్రవాహమంటే ఇదే. దిగే వెచ్చటి రక్తం తన వేడిని దారిలోనే పైకొచ్చే చల్లటి రక్తానికి ఇచ్చేస్తుంది. అందుకే పాదం మంచు మీద ఉన్నా ఒళ్ళు చల్లబడదు.

మొప్పల్లో ఎదురెదురుగా పారేవి రక్తమూ, నీళ్ళూ. అది ఆక్సిజన్ కోసం. ఆక్సిజన్ దాటేంత పల్చటి గోడను వేడి ఇంకా తేలిగ్గా దాటేస్తుంది. కాబట్టి మొప్పలు దాటిన రక్తం దాదాపు నీళ్ళంత చల్లగా ఉంటుంది. ట్యూనా చేప ఒంట్లో వేడిని దాచుకుంటుంది, కానీ ఆ వేడి మొప్పల్లోది కాదు, ఈత కండరాలది. ఆ కండరాలకు వెళ్ళే దారిలో సన్నటి రక్తనాళాల అల్లిక ఉంటుంది, ఎదురు ప్రవాహం జరిగేది అక్కడ. అయినా దాని గుండెకు మొప్పల నుంచి వచ్చే చల్లటి రక్తమే అందుతుంది. లోతులోని చల్లటి నీళ్ళలో ఎక్కువసేపు ఉంటే గుండె మందగిస్తుంది, పైకి రావాల్సిందే.

మొప్పల్లోనే వేడిని ఆపే చేప ఒకటుంది, ఓపా. 2015లో ఈ సంగతి బయటపడింది. దాని మొప్పల లోపలే అలాంటి అల్లిక ఉంది. మొప్పలకు వెళ్ళే వెచ్చటి రక్తం, అక్కడ చల్లబడి తిరిగొచ్చే రక్తాన్ని వేడి చేస్తుంది. దాంతో గుండెతో సహా ఒళ్ళు చుట్టూ ఉన్న నీటికంటే వెచ్చగా ఉంటుంది, ఈత కండరాలైతే సుమారు 5 డిగ్రీలు ఎక్కువ.