కొబ్బరికాయ కొట్టక ముందు ఖర్చులు

"కొత్త వ్యాపారులకు శుభవార్త! 1. కంపెనీ రిజిస్టరయిన రోజు నుంచి పెట్టిన ప్రతి రూపాయీ వ్యాపార ఖర్చే, మొదటి ఏడాదే నష్టంగా చూపించండి. 2. అంతకు ముందువి ఏవైనా సెక్షన్ 35డి కింద ఐదేళ్లు రాసుకోండి. 3. ముందు కట్టిన జీఎస్టీ మొత్తం వెనక్కి వస్తుంది. 4. ప్రారంభోత్సవం భోజనాలు కూడా ఖర్చే. మీ ఆడిటర్ ఇవి చెప్పడు. అందరికీ పంపండి."

ఈ సందేశం నాకు ఈ నెలలో ఏడుసార్లు వచ్చింది. చివరిసారి పంపింది చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీ పెట్టిన మా అక్క కొడుకు. "మామయ్యా, ఇది చూడు" అని రాసి, కింద ఒక నవ్వు ముఖం. ఒంగోలులో పాతికేళ్లుగా ఈ లెక్కలే చూస్తున్న మామయ్యకు ఆ నవ్వు నచ్చలేదు. అతని ఫైలే ముందు పెట్టుకుని జవాబు చెబుతాను.

అతని కంపెనీ 2024 జూన్‌లో రిజిస్టరయింది. జూలై 1 నుంచి నెలకు 40,000 అద్దెకు షెడ్డు తీసుకున్నాడు. బ్యాంకు అప్పుతో కటింగ్, పాలిషింగ్ మిషన్లు తెచ్చాడు. బిగింపు దగ్గరుండి చూడటానికి నెలకు 25,000 జీతానికి ఒక సూపర్‌వైజర్‌ను పెట్టాడు. డిసెంబర్ 1న మొదటిసారి మిషను మీద రాయి కోసి చూశారు. మొదటి అమ్మకం బిల్లు జనవరి 20న వెళ్లింది.

ఇక్కడ మూడు తేదీలున్నాయి. ఆ సందేశం రాసిన మహానుభావుడికి ఒక్కటే తెలుసు, జూన్‌ది. కంపెనీ పుట్టడం వేరు, వ్యాపారం సిద్ధం కావడం వేరు, అమ్మకం మొదలవడం వేరు. ఆదాయపు పన్నుకు లెక్కలోకి వచ్చేది నడిమిది. 1954లో బొంబాయి హైకోర్టు వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రొడక్ట్స్ కేసులో ఈ గీత గీసింది: వ్యాపారం నడపడానికి సిద్ధమైన రోజు నుంచి, అమ్మకం మొదలు కాకపోయినా, రోజువారీ ఖర్చులు ఖర్చులే. అంతకు ముందువి కావు. ఇది కొత్త రూలేమీ కాదు, నా వయసుకన్నా పెద్దది.

కాబట్టి మా వాడికి గీత డిసెంబర్ 1. డిసెంబర్, జనవరి అద్దెలు అమ్మకం లేని రోజులవి కలుపుకుని నిక్షేపంగా ఖర్చు రాయవచ్చు. జూలై నుంచి నవంబర్ దాకా కట్టిన 2,00,000 అద్దె మాత్రం ఖర్చు కాదు, 35డి జాబితాలోనూ లేదు. దానిలో కొంత మిషన్ల ఖరీదులో కలపవచ్చని వాదించే ఆడిటర్లున్నారు. నేనైతే ఆ సాహసం చేయను.

అదే ఐదు నెలల్లో సూపర్‌వైజర్ జీతం 1,25,000, అప్పు మీద వడ్డీ 2,80,000 అయ్యాయి. ఇవి పోలేదు, దారి మారాయి. బిగింపు పనికి అయిన జీతం, మిషను వాడకంలోకి వచ్చేవరకు నడిచిన వడ్డీ మిషన్ల ఖరీదులో కలుస్తాయి. వడ్డీ విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది మన కృష్ణా జిల్లా చల్లపల్లి చక్కెర కంపెనీయే. ఇక మిషను అరుగుదల కింద ఏటా కొంత ఖర్చుగా రాసుకునే తరుగుదల ఈ 4,05,000 మీద సాధారణంగా 15 శాతం. ఆ ఏడాది వాడింది 180 రోజులకన్నా తక్కువ కనుక సగమే, అంటే 30,375. సందేశం నమ్మి ఉంటే ఈ అద్దె, జీతం, వడ్డీ కలిపి 6,05,000 నష్టంగా చూపించేవాడు. రేపు అధికారి కాగితాలు అడిగితే ఆ నష్టం కరిగిపోతుంది, పన్నూ వడ్డీ మిగులుతాయి. అప్పుడు పంపినవాడు గ్రూపులో ఉండడు.

డిసెంబర్ 1 అని నా మాట మీద ఎవరూ నమ్మరు. కరెంటు లోడు ఇచ్చిన తేదీ, మిషను కంపెనీ మెకానిక్ బిగింపు పూర్తయిందని సంతకం పెట్టిన కాగితం, మొదటి బ్లాకు కొన్న బిల్లు, కూలీల హాజరు పుస్తకం, ఇవి మాట్లాడాలి. మా వాడి దగ్గర మూడు దొరికాయి. మెకానిక్ సంతకం కోసం ఇప్పటికీ ఫోన్లు చేస్తున్నాడు. కొందరు వ్యాపార ప్రారంభానికి కంపెనీ 180 రోజుల్లో ఇవ్వాల్సిన ఐఎన్‌సీ-20ఏ ఫారం చూపిస్తారు. అది వాటాదారులు డబ్బు కట్టారని కంపెనీల రిజిస్ట్రార్‌కు చెప్పే కాగితం. మిషను తిరిగిందో లేదో దానికి తెలియదు.

రెండో మాటకొస్తే, 35డి గోనెసంచి కాదు, దొరికిందల్లా అందులో కుక్కడానికి. అందులో పట్టేవి కొన్నే: ప్రాజెక్టు రిపోర్టు, మార్కెట్ సర్వే, కంపెనీ నియమావళి రాత, అచ్చు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి. పరిమితి కూడా ఉంది, ప్రాజెక్టు ఖరీదులో 5 శాతం. (కంపెనీలు పెట్టుబడి మీదనైనా లెక్క వేసుకోవచ్చు.) మా వాడికి కంపెనీ ఏర్పాటుకు 31,000, ప్రాజెక్టు రిపోర్టుకు పన్నుతో కలిపి 59,000, మొత్తం 90,000 అయింది. స్థిరాస్తులు 60 లక్షలు కనుక పరిమితి 3 లక్షలు, ఇబ్బంది లేదు. ఏడాదికి 18,000 చొప్పున ఐదేళ్లు. అయితే ప్రాజెక్టు రిపోర్టు లాంటి వాటికి రిటర్న్ గడువుకు నెల ముందే 3ఏఎఫ్ ఫారం ఇవ్వాలి. ఈ విషయం ఏ శుభవార్తలోనూ ఉండదు. కంపెనీ లెక్కల పుస్తకాల్లో మాత్రం ఐదేళ్లు మోయకూడదు, అదే ఏడాది ఖర్చు రాసేయాలి. ఐదేళ్ల విభజన పన్ను లెక్కలోనే. (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చింది, సెక్షన్ నంబర్లు వేరు. పాత నంబరుతో తిరిగే సందేశం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.)

జీఎస్టీ గురించి రెండు ముక్కలు. రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు చేతిలో ఉన్న సరుకు మీద కట్టిన పన్ను దొరుకుతుంది, అదీ 30 రోజుల్లో ఐటీసీ-01 ఫారం పెడితే. సేవల మీద, మిషన్ల మీద అంతకు ముందు కట్టింది దొరకదు. అందుకే మా వాడి ప్రాజెక్టు రిపోర్టు బిల్లులో 9,000 పోయింది. మిషన్లు రిజిస్ట్రేషన్ తర్వాత కొన్నాడు కాబట్టి బతికిపోయాడు. అది నా మాట విని చేసిన పని కాదు, మిషన్లు ఆలస్యంగా వచ్చాయి.

ఒకటి ఒప్పుకోవాలి. నెల్లూరు ట్రంకురోడ్డులో సొంత పేరుతో చిన్న దుకాణం పెట్టుకుని, అమ్మకంలో 8 శాతమో 6 శాతమో లాభంగా చూపించే, పాత చట్టంలో 44ఏడీ అనే దారిలో వెళ్లేవారికి నా ఈ గొడవంతా అనవసరం. వారికి ఖర్చులన్నీ తీసేసినట్టే లెక్క, విడిగా ఏదీ రాసుకోనక్కర లేదు. ఆ సౌకర్యం కంపెనీకి లేదు.

నాలుగో మాట నిజం. జనవరి 20న పెట్టిన ప్రారంభోత్సవం భోజనాలు మొదట నేను కొట్టేశాను, మా అక్క కొడుకు మొహం చిన్నబుచ్చుకున్నాడు. మళ్లీ చూశాను: అప్పటికి వ్యాపారం సిద్ధమై ఏడు వారాలయింది, పిలిచింది క్వారీ వాళ్లనూ కొనుగోలుదారులనూ. రాయవచ్చు. "అయితే హోటల్ బిల్లు కంపెనీ పేరు మీద ఉందా?" అని అడిగాను. లేదట, వాళ్ల నాన్న పేరు మీద ఉందట.