మొదటి ఎత్తుకి ఆలోచించేవాళ్ళ మీద పన్ను వెయ్యాలి

దేశంలో చాలా అన్యాయాలు జరుగుతున్నాయి కానీ వామనగుంటల పలక ముందు కూర్చుని మొదటి ఎత్తుకే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పావుగంట ఆలోచించే మగవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరేంటి అని నాకు ఎప్పటినుంచో బాధ. మా బాబాయి ఆ జాతికి ప్రతినిధి. పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదేసి చింతపిక్కలు, అన్నీ సమానంగా ఉన్నాయి, ఈయన మాత్రం రిజర్వ్ బ్యాంకు వడ్డీ రేటు నిర్ణయిస్తున్నట్టు మూడో గుంట మీద వేలు పెట్టి, తీసి, ఐదో గుంట వైపు చూసి, నిట్టూర్చి... ఎదురుగా మా పెద్దమ్మ "ఏమయ్యా మరిదీ, ఆడతావా నన్ను పడుకోమంటావా" అంటుంది.

అసలు సంగతేంటంటే ఆ ఎత్తులో నిర్ణయించడానికి ఏమీ లేదు. మా ఇంటి పద్ధతి చెప్తాను, మీ ఇంట్లో వేరేగా ఉంటే గొడవ పడకండి. మన వైపు ఏడు గుంటల్లో ఒకదాంట్లోవన్నీ తీసి కుడివైపుకి ఒక్కొక్కటీ పంచుకుంటూ పోవాలి, చేతిలోవి అయిపోగానే పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి, ఎప్పుడైతే పక్క గుంట ఖాళీగా తగిలిందో దాని అవతల గుంటలో ఉన్నదంతా మనది, అక్కడితో మన వంతు అయిపోయినట్టే. వరసగా రెండు ఖాళీలు తగిలితే సున్నా. ఇప్పుడు అన్నిట్లో ఐదేసి ఉన్నప్పుడు ఎక్కడ మొదలెట్టినా గుండ్రంగా తిరిగేది ఒకటే దారి, ఐదుసార్లు చేతిలోకి తీసుకుంటాం, చివరికి వచ్చేది 7 పిక్కలు. ఏ గుంటైనా 7. బాబాయి పావుగంట ఆలోచించినా 7, రెండేళ్ళ పిల్లాడు చెయ్యి పెట్టినా 7. పన్ను ఎందుకు వెయ్యాలో ఇప్పుడు అర్థమైంది కదా.

(కొన్ని ఇళ్ళల్లో ఖాళీ అవతల గుంటతో పాటు దానికి ఎదురుగా ఉన్న గుంట కూడా తీసుకుంటారు. వాళ్ళకి మాత్రం మినహాయింపు ఇవ్వాల్సిందే, ఎందుకంటే అక్కడ సరిగ్గా మధ్య గుంట ఎత్తితే 15 వస్తాయి, దాని ఎడమ పక్కది ఎత్తితే 7 దగ్గరే ఆగిపోతాం. ఈ తేడా తెలిసి ఆలోచిస్తే అది ఆలోచన, తెలియకుండా గడ్డం పట్టుకుంటే అది యాక్టింగ్.)

అసలు బుర్ర పెట్టాల్సింది రెండో ఎత్తులో, సరిగ్గా అక్కడే మన మేధావులు చప్పున చెయ్యి పెట్టేస్తారు. బాబాయి తన ఎడమ చివరి గుంటతో మొదలెట్టి 7 గెలిచాడు అనుకోండి. ఇప్పుడు పెద్దమ్మ వైపు, ఆవిడ ఎడమ నుంచి చూస్తే, మొదటి నాలుగు గుంటల్లో ఏడేసి, ఐదోది ఖాళీ, ఆరో దాంట్లో ఒకే ఒక్క పిక్క, ఏడో దాంట్లో మళ్ళీ ఏడు. బాబాయి వైపు వరసగా 2, 8, 8, 8, తర్వాత రెండు ఖాళీలు, చివర్లో 1.

ఇక్కడ జనాభిప్రాయం ఏంటంటే నిండుగా ఉన్న గుంట ఎత్తాలి, ఎంత ఎక్కువ పంచితే అంత ఎక్కువ వస్తుంది అని. ఇది మన రాజకీయాల్లో కూడా ఉన్న నమ్మకమే లెండి. చూద్దాం మరి. ఏడేసి ఉన్న గుంటలు ఐదు, చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి. మొదటిది ఎత్తితే పలకంతా తిరిగొచ్చి 3. రెండోది ఎత్తితే ఇంకా పెద్ద యాత్ర, చెయ్యి నొప్పి పుట్టి చివరికి 1. మూడోది మళ్ళీ 3. నాలుగోది ఎత్తితే ఆ ఏడూ సరిగ్గా బాబాయి నాలుగో గుంట దాకా వెళ్ళి అయిపోతాయి, తర్వాత ఆయన వైపు ఆ రెండు ఖాళీలు నోరు తెరుచుకుని ఉన్నాయి, సున్నా. ఏడోది ఎత్తితే మాత్రం 10. అన్నిట్లోనూ ఏడే, రాబడి మాత్రం సున్నా నుంచి పది దాకా, కాబట్టి గుంట బరువు చూసి ఎత్తేవాళ్ళని ఇకనుంచి నిపుణులు అనడం మానేద్దాం.

ఇంక ఆ ఒంటరి పిక్క ఉన్న ఆరో గుంట, దాన్ని ఎవరూ పట్టించుకోరు పాపం. దాన్ని ఎత్తి ఏడో దాంట్లో వేస్తే అక్కడ 8 అవుతాయి. పక్కన బాబాయి మొదటి గుంటలో 2, అవి తీసి రెండు మూడు గుంటల్లో వెయ్యాలి. ఆ పక్కది నాలుగోది, అందులో 8, అవి పంచుకుంటూ పోతే సరిగ్గా పెద్దమ్మ ఐదో గుంటలో చివరిది పడుతుంది. పక్కన ఏముంది? ఆవిడే ఇందాక ఖాళీ చేసిన ఆరో గుంట. దాని అవతల? ఇందాక ఆవిడే మేపిన ఏడో గుంట, 8 పిక్కలు. ఒక్క పిక్క పెట్టుబడి, ఎనిమిది రాబడి, సెబీ వాళ్ళు చూస్తే నోటీసు పంపిస్తారు.

పెద్దమ్మ ఏడోది ఎత్తి 10 పట్టుకెళ్ళింది అనుకోండి, అయినా ఆరో గుంట సంగతే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే పెద్ద వేటంతా ఆ నమూనాలోనే ఉంది. మనం ఎత్తిన గుంట ఖాళీ అవుతుంది, దాని పక్కదానికి మొదటి పిక్క మనమే వేస్తాం, ఇక చేతిలోవి ఎక్కడెక్కడ తిరిగినా చివరికి ఆ ఖాళీకి ముందు గుంటలో అయిపోవాలి, అంతే. దారి మధ్యలో ఖాళీ చేసిన గుంటైనా పర్లేదు, ఆవిడ 10 అలాగే వచ్చాయి, బాబాయి రెండో గుంటని మధ్యలో ఊడ్చేసి, తిరిగొచ్చి దాని ముందు ఆగి, మూడో దాన్ని ఎత్తుకుపోయింది. అందుకే ఆవిడ ఎత్తాల్సిన గుంట వైపు చూడదు, ఎక్కడ ఆగాలో అటు చూస్తుంది, చూసి అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటుంది. బాబాయి మాత్రం ఆవిడకి చేతబడి వచ్చని అనుమానిస్తాడు.

దీన్లోనే ఒక షార్ట్‌కట్ ఉంది, ఇది చెప్తే మా ఇంట్లో నన్ను వెలేస్తారు. గుంటలో 13 పిక్కలు పోగైతే ఏ లెక్కా అక్కర్లేదు, ఒకే చుట్టులో మిగతా పదమూడు గుంటలకీ తలొకటి పడి, చేతిలోవి సరిగ్గా బయల్దేరిన గుంట ముందు అయిపోతాయి, పక్కన అదే ఖాళీ, అవతల గుంట మనది. పన్నెండుంటే ఒక గుంట ముందే ఆగి పక్కదాన్ని ఎత్తుకోవాలి, పద్నాలుగుంటే చివరిది బయల్దేరిన గుంటలోనే పడి ఖాళీ కాస్తా పోతుంది, రెండిట్లోనూ ఆట ఎటు పోతుందో మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకోవాలి. కాబట్టి 13 అంటే 13. పక్క గుంట కూడా లావుగా ఉండాలి అనుకోండి, లేకపోతే ఇంత ఏర్పాటు చేసి రెండు పిక్కలు తెచ్చుకున్నట్టు ఉంటుంది.

బాబాయి ఇది కనిపెట్టాడు, నిజం చెప్పాలంటే ఒక గుంటని ముట్టుకోకుండా పెంచాడు కూడా, 11 అయ్యాయి, 12 అయ్యాయి, పలక మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, ఎవరైనా ఏమైనా అడిగితే "ఏం లేదు" అంటాడు. పాపం ఆయనకి తట్టని సంగతేంటంటే ఈ ఆటలో మన గుంట అనేది ఎత్తేటప్పుడు మాత్రమే మనది, పంచేటప్పుడు అందరిదీ. పెద్దమ్మ ఒక వంతులో ఆ గుంటలో రెండు పిక్కలు వేసి 14 చేసింది, ఆయన లెక్క పాడైంది. మళ్ళీ వంతులో ఆవిడ చేతిలోవి దాని ముందు గుంటలో అయిపోయాయి, రూల్ ప్రకారం పక్కదే కదా ఎత్తాలి, ఆ పద్నాలుగూ అలాగే దోసిట్లోకి తీసుకుని, "ఇన్నెందుకు పెట్టావయ్యా ఒక్కదాంట్లో, చెయ్యి పట్టట్లేదు" అంది.