ప్రొఫెసర్‌కి పొగడ్తలు కాదు, వివరాలు పంపండి

జూనియర్లు పై చదువుల అప్లికేషన్లకి కావాల్సిన రికమెండేషన్ లెటర్ కోసం పాత ప్రొఫెసర్లకి రాసే మెయిళ్లు ముందు నాకు చూపిస్తుంటారు. సగం మెయిల్ పొగడ్తే. "మీ పాఠాలు నా జీవితాన్నే మార్చేశాయి సార్" అని మొదలై "దయచేసి ఎల్‌ఓఆర్ ఇవ్వగలరు" దగ్గర ఆగుతుంది. ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఏం చేశారు? ఒక్క ముక్క ఉండదు. పాపం ఆయన మాత్రం ఏం రాస్తారు? "కష్టపడే విద్యార్థి, క్రమశిక్షణ గలవాడు" అంటారు. ఆ మాట ఎవరి గురించైనా రాయొచ్చని లెటర్ చదివే అడ్మిషన్ కమిటీకీ తెలుసు.

ఒక అబ్బాయి "మీ ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో బాగా చదివాను" అని రాశాడు. అది తీసేసి జరిగింది రాయమన్నాను. అప్పుడిలా వచ్చింది: "సార్, ఆరో సెమిస్టర్‌లో మీ దగ్గర మెమరీ అలొకేటర్ ప్రాజెక్టు చేశాను. బెస్ట్ ఫిట్ వేగంగా ఉంటుందని రిపోర్టులో రాస్తే, కొలిచి చూశావా అని అడిగారు. కొలిస్తే ఫస్ట్ ఫిట్ కన్నా నెమ్మదిగా ఉంది. ప్రతిసారీ ఖాళీ బ్లాకుల జాబితా మొత్తం వెతుకుతోంది. రిపోర్టు తిరగరాసి ఇచ్చాను." ఇప్పుడు ఆయనకి రాయడానికి ఏదో ఉంది. కుర్రాడు గుర్తు రాకపోయినా, జతచేసిన ఆ రిపోర్టు తిరగేస్తే గుర్తొస్తాడు. తన అంచనా తప్పని తేలితే దాచకుండా సరిదిద్దుకుంటాడని ఆయన తన మాటల్లోనే చెప్పగలరు.

అడిగే తీరు కూడా చూసుకోవాలి. "లెటర్ ఇవ్వండి" అంటే మొహమాటానికి సరే అంటారు. "నా గురించి గట్టిగా రాయగలిగేంత మీకు తెలుసనిపిస్తేనే రాయండి సార్, వీలుకాకపోతే వేరేవాళ్లని అడుగుతాను" అంటే కాదనడానికి దారి ఇచ్చినట్టవుతుంది. చప్పటి లెటర్ కన్నా ఆ "కాదు" నయం.

ఇక నాకు ఒళ్లు మండే విషయం, "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను" అనే ప్రొఫెసర్లు. వాళ్లకి తీరిక లేదు, ఒప్పుకుంటాను. కానీ ఒక అప్లికేషన్‌కి వెళ్లే మూడు లెటర్లూ ఒకే చేతి రాతైతే ఒకే పదాలు, ఒకే వాక్యాల తీరు బయటపడిపోతాయి. అసలు టీచర్ కంటికి కనిపించింది స్టూడెంట్ ఎలా రాస్తాడు? అలా అడిగితే, "పాయింట్లు పంపిస్తాను సార్, మీ మాటల్లో రాయండి" అనండి. చాలామంది ఒప్పుకుంటారు.

చాలా యూనివర్సిటీలకి లెటర్ మీ చేతికి ఇస్తే కుదరదు. అప్లికేషన్‌లో ఆయన మెయిల్ ఐడీ ఇస్తే ఆయనకే లింక్ వెళ్తుంది. పర్సనల్ ఐడీ కాకుండా కాలేజీ ఐడీ ఇవ్వడం మంచిది. ఎన్నాళ్లుగా తెలుసు, క్లాసులో ఎంత పైన ఉంటాడు లాంటి ప్రశ్నలకూ ఆయనే టిక్ పెట్టాల్సి రావచ్చు. అందుకే ట్రాన్స్‌క్రిప్ట్ కూడా పంపాలి. యూనివర్సిటీల పేర్లు, గడువు తేదీలు ఒకే మెయిల్‌లో ఉంచి, కనీసం నెల ముందే అడగండి. ఆ లింకులు స్పామ్‌లో పడిపోతుంటాయి. మీ అప్లికేషన్ పేజీలో లెటర్ అందినట్టు కనపడకపోతే, గడువుకి వారం ముందు స్పామ్ చూడమని ఆయనకి రెండు లైన్లు రాయండి.