అమ్మ బ్యాంకులో మెచ్యూరిటీ ఉండదు

మా పర్లాకిమిడిలో అన్నిటికన్నా పటిష్ఠమైన బ్యాంకు మా ఇంట్లోనే ఉంది. బీరువాలో మూడో అర, పట్టుచీరల కింద. బోర్డు లేదు, పాస్‌బుక్కు లేదు, ఇప్పటిదాకా ఒక్క మొండిబాకీ కూడా లేదు. డిపాజిట్ తీసుకోవడం తప్ప తిరిగి ఇవ్వడం అన్నది ఆ బ్యాంకు వ్యాపారంలోనే లేదు కాబట్టి, దివాలా తీసే ప్రశ్నే రాదు.

డిపాజిట్ పద్ధతి చాలా సులువు. టెక్కలి నుంచి వచ్చిన మావయ్య ఆటో ఎక్కేముందు పిల్ల చేతిలో వంద నోటు మడిచి పెడతాడు. పిల్ల "వద్దు మావయ్యా" అంటుంది. అలా అనాలని మేమే నేర్పాం. "తీసుకోమ్మా, ఏమైనా కొనుక్కో" అని ఆయన గుప్పిట మూసేస్తాడు. ఆటో వీధి మలుపు తిరుగుతుంది. హారన్ ఇంకా వినిపిస్తూ ఉండగానే మా ఆవిడ చెయ్యి చాపుతుంది. "ఇటివ్వు, నేను దాస్తాను."

1936లో మా ఊరు మద్రాసు నుంచి ఒడిశాలోకి వెళ్లినప్పుడు ఎన్ని చర్చలు జరిగాయో నాకు తెలీదు. ఈ వంద మాత్రం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఏ చర్చా లేకుండా వెళ్లిపోతుంది. ఇంత క్రమశిక్షణ ఉన్న ఇంట్లో పిల్లలకి డబ్బు విలువ నేర్పాలన్న దుర్బుద్ధి నాకెందుకు పుట్టిందో చెప్పలేను. పుట్టింది. ముగ్గురు పిల్లలు: అయిదేళ్ల చిన్నది, తొమ్మిదేళ్ల నడిపివాడు, పద్నాలుగేళ్ల పెద్దమ్మాయి. వయసును బట్టి ముగ్గురికీ మూడు పద్ధతులు పెట్టాను.

చిన్నదాని సంగతి త్వరగా తేలిపోయింది. అయిదేళ్ల పిల్లకి నోటు కాగితమే, ఫోన్ స్కాన్ మంత్రమే. చేత్తో పట్టుకుని, ఇచ్చేస్తే చెయ్యి ఖాళీ అయ్యే నాణెం ఒక్కటే అర్థమవుతుంది. అందుకని ఆదివారం పూట ఒక పదిరూపాయల బిళ్ల ఇచ్చాను. పావుగంటలో నడిపివాడు దానితో వ్యాపారం మొదలుపెట్టాడు. "నీ దగ్గర ఒకటే ఉంది. నాది తీసుకో, నాలుగొస్తాయి" అని నాలుగు రూపాయి బిళ్లలు లెక్కపెట్టి దాని చేతిలో పోశాడు. ఆ వయసులో ఎన్ని బిళ్లలున్నాయన్నదే లెక్క గానీ వాటి మీద ఏం రాసుందన్నది కాదు. అది మహదానందంగా గల్లుగల్లుమనిపించుకుంటూ ఇల్లంతా తిరిగింది.

అన్యాయాన్ని సరిదిద్దడానికి నేను లేచేలోపే నడిపివాడు దుకాణానికి పరుగెత్తాడు. దుకాణదారు బిళ్లని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా దగ్గర చెల్లదు బాబూ" అన్నాడు. పదిరూపాయల నాణేల్లో అప్పటికి ఉన్న పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటన ఇచ్చింది. నేనూ వెళ్లి ఆ మాటే చెప్పాను. "రిజర్వ్ బ్యాంకు నా దగ్గర సరుకు కొనదు కదండీ" అన్నాడు దుకాణదారు. వాదనలో లోపం కనిపించలేదు. వారం తిరిగేసరికి చిన్నదానికి జీతం రూపాయి, రెండు రూపాయల బిళ్లల్లోకి మార్చాను. ఒక బిస్కట్ పొట్లమో, రెండు చాక్లెట్లో అని రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే చాలు, అంతకు మించి ఆ వయసులో నేర్పేదేమీ లేదు. ఎంచుకున్నాక ఏడిస్తే రెండోది కొనకపోవడం అన్నది పెద్దవాళ్ల పాఠం. అది నాకు ఇంకా రాలేదు.

నడిపివాడిది అసలు కేసు. వాడికి క్రికెట్ బ్యాటు కావాలి, 520 రూపాయలు. వారానికి నలభై ఇచ్చి, పాతిక డబ్బాలో వేసి పదిహేను ఖర్చు పెట్టుకోమన్నాను. లెక్క వేసి చూస్తే ఇరవై ఒక్క వారాలు. తొమ్మిదేళ్లవాడికి ఇరవై ఒక్క వారాలంటే వచ్చే జన్మ. అంత దూరం గురి పెడితే వాడు దాచడం మానేస్తాడు, లేదా బ్యాటునే మర్చిపోతాడు. అందుకని నేనూ చెయ్యి కలిపాను. వాడు డబ్బాలో వేసే ప్రతి రూపాయికీ నేనో రూపాయి రాసుకుంటాను. వారానికి యాభై, పదకొండు వారాల్లో బ్యాటు. ఒకటే షరతు: బ్యాటు కొనకుండా మధ్యలో డబ్బా విప్పితే నా వాటా రద్దు. వాడిది వాడికే, నాది నాకే.

అయిదో వారానికి డబ్బాలో వాడివి 125 చేరాయి. సరిగ్గా అప్పుడే మా ఊళ్లో రథజాత్ర. రోడ్డు పొడుగునా దుకాణాలు, ఎటు చూసినా రంగురంగుల ప్లాస్టిక్. లైట్లు వేసుకుంటూ గిర్రున తిరిగే హెలికాప్టర్ ఒకటి వాడి కంట పడింది. నూట యాభై అంటే బేరమాడి నూట ఇరవైకి దింపాడు. బేరం మాత్రం తాత పోలిక. "నా వాటా పోతుంది" అని గుర్తుచేశాను. "పోనీ" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు నేను. చెప్పకూడదు కూడా. వద్దని లాక్కొచ్చేస్తే ఆ తప్పు నాదవుతుంది, హెలికాప్టర్ జీవితాంతం వాడి కలలో ఎగురుతూనే ఉంటుంది.

ఇంటికొచ్చి రెండోసారి తిప్పగానే రెక్క ఊడి మంచం కిందికి పోయింది. వాడు ఏడుపు. నేను లోలోపల సంతోషించాను. ఏ తండ్రీ ఇంత తిన్నగా ఒప్పుకోడు గానీ, నేను ఎదురుచూసింది ఆ రెక్క ఊడడం కోసమే. తొమ్మిదేళ్లప్పుడు నూట ఇరవై పోగొట్టుకోవడం కన్నా చవకైన ఫీజు లేదు. ఇదే పాఠం పాతికేళ్లప్పుడు బండి వాయిదాల రూపంలో వస్తే ఎంతవుతుందో నా జీతాన్ని అడగండి. ఇప్పుడు వాడు రెండు రోజులు బాధపడాలి, డబ్బాలో మిగిలిన అయిదు రూపాయలు చూసుకోవాలి, మళ్లీ మొదటి వారం నుంచి మొదలుపెట్టాలి. ప్లాను అది.

రాత్రి తొమ్మిదింటికి ప్లాను మా అమ్మ చెవిన పడింది. "పసివాడు అలా వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఏటిరా నీ లెక్కలు?" అని పిల్లల మామ్మ కొంగు ముడి విప్పి అయిదు వందలు తీసింది. వాడి దగ్గర అయిదు. ఇంకా పదిహేను తక్కువైతే మా ఆవిడ పూడ్చింది. మా ఆవిడ నడిపే అమ్మ బ్యాంకు చరిత్రలో సొమ్ము బయటికి వచ్చింది అదొక్కసారే. పొద్దున్నే బ్యాటు వచ్చింది. పదకొండు వారాల పని పదకొండు గంటల్లో అయిపోయింది. వాడు నేర్చుకున్నది స్పష్టంగానే నేర్చుకున్నాడు: దాచుకోవాల్సింది డబ్బు కాదు, ఏడుపు. దాన్ని ఎవరి ముందు ఖర్చు పెట్టాలో కూడా వాడికి ఇప్పుడు తెలుసు.

పెద్దమ్మాయి ఇదివరకు నా ఫోన్‌తోనే స్కాన్ చేసి కావాల్సింది కొనేది. నెలకెంత అవుతోందని అడిగితే తనకీ తెలీదు, నాకూ తెలీదు. అది మాని నెలకి ఎనిమిది వందలు నోట్లుగా ఇచ్చాను. అయితే సరదాలకి మాత్రమే కాదు. పెన్నులు, స్నేహితురాళ్ల పుట్టినరోజు కానుకలు, సైకిల్ పంక్చర్లు, గుప్‌చుప్ అన్నీ అందులోంచే. తప్పనిసరి ఖర్చు అందులో కలవకపోతే అది జేబుఖర్చు కాదు, బహుమతి. దేన్ని ఆపి దేన్ని కానివ్వాలన్న ప్రశ్నే రాదు.

మొదటి నెల తొమ్మిదో తారీఖుకే పర్సు ఖాళీ. రెండు పుట్టినరోజులు, గుప్‌చుప్ బండి. పన్నెండో తారీఖున సైకిల్ పంక్చరైంది. ముప్పై రూపాయలు నేనివ్వలేదు. రెండు రోజులు నడిచి వెళ్లింది. మూడో రోజు వాళ్లమ్మకి గుండె కరిగి ఆటోకి రోజూ నలభై ఇవ్వడం మొదలుపెట్టింది. ముప్పై రూపాయల పంక్చర్ వేయించకుండా రోజుకి నలభై పెట్టి నెలాఖరుదాకా నడిపిన ఆర్థిక విధానాన్ని నేను విమర్శించదలచుకోలేదు. ప్రభుత్వాలే అలా నడుస్తున్నాయి. నేను చేసిన మార్పు ఒక్కటే: ఎనిమిది వందలూ ఒకేసారి ఇవ్వకుండా ఒకటో తారీఖున సగం, పదహారున సగం ఇచ్చాను. మూడో నెలకి తనే "పంక్చర్" అని రాసిన కవరు పుస్తకాల మధ్య కనిపించింది. అందులో అరవై ఉన్నాయి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. లెక్క రాయడం అలవాటైన పిల్ల ఒకరోజు నోటుబుక్కు పట్టుకుని అమ్మ బ్యాంకుకి ఆడిట్‌కి వచ్చింది. ఆరేళ్ల వయసు నుంచి గుర్తున్నంతవరకు పండగలకీ, చుట్టాల రాకపోకలకీ తన చేతికొచ్చి పోయిన సొమ్ము: పదకొండు వేల మూడు వందలు.

"నీ చెవిదుద్దులు ఎక్కడి నుంచి వచ్చాయనుకున్నావే?" అంది మా ఆవిడ.

"అవి తాతయ్య పెట్టినవి కదమ్మా."

బ్యాంకు కాసేపు మౌనం వహించింది. తర్వాత, "అన్నం పెట్టింది ఎవరు?" అని సర్వీస్ ఛార్జీల విభాగం తెరిచింది.

నేను రాజీ కుదర్చబోయాను. పదేళ్లు దాటిన పిల్లలు పోస్టాఫీసులో తమ పేరు మీదే పొదుపు ఖాతా తెరిచి, తమ సంతకంతోనే నడుపుకోవచ్చు. అయిదు వందలతో మొదలుపెట్టొచ్చు. వడ్డీ ఏడాదికి నాలుగు శాతం. చాలా బ్యాంకులు కూడా పదేళ్లు దాటితే ఇలాంటి ఖాతా ఇస్తాయి. పెద్దమ్మాయి నిబంధనలు చదివి ఒక చోట వేలు పెట్టింది. పోస్టాఫీసు వడ్డీ లెక్కకట్టేది పదో తారీఖు నుంచి నెలాఖరుదాకా ఖాతాలో ఉన్న కనీస నిల్వ మీద. "సంక్రాంతి పద్నాలుగునో పదిహేనునో వస్తుంది. మావయ్య ఇచ్చింది మర్నాడు వేసినా జనవరికి వడ్డీ రాదు కదా నాన్నా?" రాదు. "అయితే మావయ్యని తొమ్మిదిన రమ్మందాం" అంది.

ఖాతా తెరిచాం. పాస్‌బుక్కు తన పుస్తకాల అరలోనే ఉంటుంది. పాత పదకొండు వేల మూడు వందల గురించి మాత్రం చర్చలు సాగుతున్నాయి. బ్యాంకు ఇప్పటిదాకా "పెళ్లికి వాడదామనుకున్నాను" దాకా వచ్చింది.

నేనూ శుద్ధుణ్ణి కాదు. పోయిన నెల పాలవాడికి చిల్లర లేక నడిపివాడి డబ్బాలోంచి అరవై తీశాను. చెప్పలేదు. రెండో రోజుకి డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో "నాన్న 60" అని కనిపించింది. మొన్న ఆదివారం వాడి నలభై ఇస్తే జేబులో వేసుకోకుండా నా ముఖం చూశాడు.

"ఇది ఈ వారందా, బాకీదా?"

"బాకీదే" అన్నాను, మిగిలిన ఇరవై తర్వాత చూసుకోవచ్చని.

వాడు నోట్లు డబ్బాలో వేసి, మూత మీద అరవై కొట్టేసి ఇరవై రాసి, మళ్లీ వచ్చి చెయ్యి చాపాడు. "మరి ఈ వారంది?"