గీత సారుకీ చుక్కల మేడమ్‌కీ నడుమ నేను

ఇప్పుడే మెయిల్ వచ్చింది. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా నాకు "టైమ్ మేనేజ్‌మెంట్" ట్రైనింగ్. తప్పనిసరి. కింద నన్ను నామినేట్ చేసినవాళ్ళ పేర్లు రెండున్నాయి. నా బాసులిద్దరూ! రెండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి ఒక మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి. అదీ నాకు పని చేయడం రాదని.

మ్యాట్రిక్స్ రిపోర్టింగ్‌లో ఉన్నవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటుంది. లేనివాళ్ళ కోసం: ఆర్గ్ చార్టులో నా పేరు నుంచి ఒక నిండు గీత ప్రాజెక్టు సారుకి వెళ్తుంది, ఒక చుక్కల గీత ప్రాక్టీస్ మేడమ్‌కి వెళ్తుంది. సారుకి క్లయింటు పని, మేడమ్‌కి డేటాబేస్ వాళ్ళందరి బాగోగులు, కొత్త ప్రాజెక్టుల ఎస్టిమేట్లు. సారుకి 60 శాతం, మేడమ్‌కి 40 శాతం అని టూల్‌లో రాసుంది. మా అమ్మ చుక్కల ముగ్గేసినా చివరికి ఆ చుక్కలన్నీ గీతలో కలుస్తాయి. ఈ ముగ్గులో చుక్కలు ఎక్కడా కలవవు. కలపాల్సింది నేనేనట.

మొన్న మంగళవారం సంగతి చెప్తాను, మీరే చెప్పండి తప్పెవరిదో. పొద్దున పదకొండింటికి సారు ఫోన్: "రాత్రి రెండు గంటల్లో అయిపోవాల్సిన జాబ్ ఐదు గంటలు నడిచింది. క్లయింటు అరుస్తున్నాడు. ఇవాళే తేల్చు, వేరే ఏదీ ముట్టుకోకు." సరే సార్ అన్నాను. పదకొండూ నలభైకి మేడమ్: "సేల్స్ వాళ్ళకి ఎస్టిమేట్ నాలుగింటికల్లా వెళ్ళాలి, టాప్ ప్రయారిటీ." సారు పని ఉంది మేడమ్ అంటే, "అది మీరూ ఆయనా అలైన్ అవ్వండి" అన్నారు. సారుకి చెప్తే, "ఆవిడతో నువ్వే మాట్లాడుకో, నన్ను మధ్యలోకి లాగకు" అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ సామెత పుట్టించిన మహానుభావుడికి కూడా ఇద్దరు మేనేజర్లు ఉండే ఉంటారు.

ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టి, "రెండింటిలో ఏది ముందు?" అని ఒక్క వాక్యం రాశాను. మెయిల్‌కి జవాబు రాలేదు. చాట్‌లో మాత్రం ఇద్దరి దగ్గర్నుంచీ విడివిడిగా వచ్చింది. సారు: "ఇలాంటివి మెయిల్‌లో ఎందుకు పెడతావ్?" మేడమ్: "ఎస్కలేట్ చేసినట్టుంది, బాగోలేదు." ఏది ముందో మాత్రం ఇద్దరూ చెప్పలేదు!

ఇక సగం సగం మొదలుపెట్టాను. ఆ జాబ్ సంగతి ఇలా తెలుస్తుంది: నిన్నటిదాకా ఇండెక్సు పట్టుకుని వెళ్ళిన క్వెరీ ఇవాళ టేబుల్ మొత్తం చదవడం మొదలుపెడితే, డేటాని వెతకడానికి డేటాబేస్ వేసుకునే ప్లాన్ మారిందన్నమాట. డేటా బాగా పెరిగి, దాని గురించి డేటాబేస్ దాచుకున్న లెక్కలు, అదే స్టాటిస్టిక్స్, పాతవై ఉంటే ఇలా అవుతుంది. కానీ అదే కారణమని ఊరికే అనేస్తే చాలదు. పాత ప్లాన్, కొత్త ప్లాన్ పక్కపక్కన పెట్టి, ఒక్కో అడుగులో డేటాబేస్ అనుకున్న వరుసలెన్ని, నిజంగా వచ్చినవెన్ని అని చూడాలి. తేడా ఎక్కడ మొదలైందో అక్కడే ఉంటుంది దొంగ. దానికి మూడు గంటలు తల ఎత్తకుండా కూర్చోవాలి. సరిగ్గా ఆ తేడా కనపడబోతుండగా మేడమ్ ఫోన్, "ఎంతవరకు వచ్చింది?" ఎస్టిమేట్ తెరిచి నూట నలభై ఇంటర్‌ఫేసుల్లో ఏది సింపుల్, ఏది కాంప్లెక్స్ అని గుర్తులు పెడుతుంటే సారు ఫోన్, "కారణం దొరికిందా?" మళ్ళీ ప్లాన్ దగ్గరికి వెళ్తే ఎక్కడున్నానో గుర్తులేదు. సాయంత్రం ఐదింటికి రెండూ సగమే. ఇద్దరికీ కోపమే.

ఇప్పుడు అసలు మంట చెప్తాను. మర్నాడు సేల్స్ కుర్రాడు మాటల్లో అన్నాడు: ఎస్టిమేట్ వాళ్ళు క్లయింటుకి పంపాల్సింది బుధవారం సాయంత్రం. మేడమ్ ఒక రోజు ముందుకి జరిపి చెప్పారు, సేఫ్టీకి. సారు జాబ్ మాత్రం మళ్ళీ రాత్రి ఒంటి గంటకి నడుస్తుంది, కాబట్టి దానికి నిజంగానే ఆ రోజే గడువు. అంటే మంగళవారం జాబ్, బుధవారం పొద్దున ఎస్టిమేట్. రెండూ హాయిగా అయ్యేవి. దీనికి కావాల్సింది వాళ్ళిద్దరూ ఐదు నిమిషాలు మాట్లాడుకోవడం. ఒకే ఫ్లోర్, కాఫీ మెషీన్ కూడా ఒకటే! అయినా మాట్లాడుకోరు. ఎందుకంటే ఆయనకి రిలీజ్ తేదీ మీద మార్కులు, ఆవిడకి ఎన్ని ఎస్టిమేట్లు పంపారన్న దాని మీద మార్కులు. ఒకరు ఆగితే ఆ ఒకరికే నష్టం. ఇద్దరికీ పైన ఉన్న ఒకే ఒక్క మనిషి మూడు మెట్లు ఎత్తున ఉన్నాడు, ఆయనకి నా పేరు కూడా తెలియదు.

ఎంబీఏలో బట్టీపట్టిన ముక్క ఒకటి గుర్తొస్తోంది. ఫేయోల్ అని ఫ్రాన్సులో గని కంపెనీ నడిపిన ఇంజినీరు, 1916లోనే రాశాడు, ఒక ఉద్యోగికి ఒకే పై అధికారి నుంచి ఆదేశాలు రావాలని. తర్వాత 1960లలో అమెరికా అంతరిక్ష ప్రాజెక్టులు చేసే కంపెనీలు, నిపుణులు తక్కువ, ప్రాజెక్టులు ఎక్కువ అని ఈ మ్యాట్రిక్స్ పట్టుకొచ్చాయి. వాళ్ళ లెక్కలో ఇద్దరు బాసులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. మన దగ్గర ఆ కూర్చునే ముక్క ఒక్కటే మర్చిపోయి మిగతాదంతా దింపారు. వాళ్ళు రాకెట్లు పంపారు, మేం చాట్‌లో ఒకరికి తెలియకుండా ఇంకొకరికి మెసేజీలు పంపుతున్నాం.

అసలు ఇదంతా కాదు. పోయినేడు నాన్నకి కంటి శుక్లాల ఆపరేషన్‌కి రెండు రోజులు సెలవు అడిగాను. టూల్‌లో సెలవు మేడమ్‌కి వెళ్తుంది, ఆవిడ వెంటనే ఓకే చేశారు, ఆ విషయంలో మంచి మనిషే, అబద్ధం ఎందుకు చెప్పాలి. సారు మాత్రం ముందురోజు రాత్రి ఫోన్ చేసి, "రిలీజ్ వారంలో సెలవా? నాకు చెప్పావా?" చెప్పాను, పది రోజుల ముందే స్టాండప్ మీటింగ్‌లో చెప్పాను. చివరికి విజయవాడ ఆసుపత్రి బెంచీ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. నాన్న కంటికి కట్టు కట్టించుకుని బయటికొచ్చి, "ఏమ్మా, ఇంకా పనేనా?" అన్నాడు.

అదే ఏడాది రేటింగ్ ఒక మెట్టు దిగింది. రేటింగ్ రాసేది మేడమ్. కారణం: "ప్రాక్టీస్‌కి కాంట్రిబ్యూషన్ తక్కువ." ఆ 40 శాతం ఎక్కడికెళ్ళిందండీ? సారు రిలీజ్‌లోకి వెళ్ళింది! సారుని మేడమ్‌కి ఒక మాట రాయమంటే, "నా ఫీడ్‌బ్యాక్ బాగానే ఇచ్చాను కదా" అన్నారు. రేటింగ్ రాసేవాళ్ళు ఒకరు, టైమ్ తినేవాళ్ళు ఇంకొకరు.

సర్లెండి, ట్రైనింగ్‌కి వెళ్తాను. ఒక్క చిన్న సమస్య. ఆ రెండు గంటలు టైమ్‌షీట్‌లో ఏ కోడ్ కింద వేయాలని ఇందాకే ఇద్దరినీ అడిగాను. సారు మేడమ్ కోడ్ అన్నారు. మేడమ్ సారు కోడ్ అన్నారు.