ఇంటర్నెట్ పోతే ఇంటర్నెట్‌లోనే చెప్పాలట

బెంగళూరు మారతహళ్లిలోని మా ఇంట్లో కూర్చుని మా మేనకోడలు మొన్న ఒక ఆన్‌లైన్ పరీక్ష రాసింది. దానికి ముందు ఓ చెక్‌లిస్టు వచ్చింది. బ్యాకప్ కనెక్షన్ పెట్టుకోండి, వైరుతో టెస్ట్ చేసుకోండి, వెనక నడిచే యాప్‌లు మూసేయండి. ఇంతవరకు పెద్దమనుషుల మాటే. నాలుగోది చదివి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. కనెక్షన్ తెగిపోతే వెంటనే చాట్‌లో ఇన్విజిలేటర్‌కి తెలియజేయాలట!

చాట్ పరీక్ష విండోలో ఉంటుంది. ఆ విండో ఇంటర్నెట్ మీద నడుస్తుంది. అంటే బావిలో పడ్డవాడు ముందు ఒడ్డుకొచ్చి, తాను బావిలో పడ్డానని అర్జీ పెట్టుకోవాలన్నమాట.

సరే, ఆజ్ఞ ఆజ్ఞే. ముందురోజు సాయంత్రం రిహార్సల్ మొదలుపెట్టాం. ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేదు కాబట్టి యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ కొన్నాం. వైఫై ఆపేసి, వైరు ఒక్కటే ఉంచి స్పీడ్ చూశాం. వైఫై ఆన్‌లో ఉంటే ఏది టెస్ట్ చేశామో మనకే తెలీదు. డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతుంటే, "మామయ్యా, నా మొహం కెమెరాలోంచి పైకి వెళ్లాలి, అప్‌లోడ్ చూడు" అంది పిల్ల. అందులో పావు వంతు కూడా లేదు. చూస్తే ఆమె పాత ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కుతున్నాయి. ఇంటు గుర్తు నొక్కి ఆ యాప్ మూసేశానని ఆమె అనుకుంది. అది గడియారం పక్కన చిన్న గుర్తుగా మారి పని చేసుకుంటూనే ఉంది. అక్కడ కుడి క్లిక్ చేసి 'క్విట్' కొడితే గానీ పోలేదు.

తర్వాత అసలు టెస్ట్. వైఫై మళ్లీ ఆన్ చేసి, పక్క గదిలో నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, వీడియో కాల్ నడుస్తుండగా రౌటర్‌కి వచ్చే ఫైబర్ తీగ పీకేశాను, లాన్ వైరు కూడా లాగేశాను. ల్యాప్‌టాప్ ఎంతో విశ్వాసంగా పరుగెత్తింది, నా ఫోన్‌కి కాదు, చచ్చిన రౌటర్ వైఫైకే! సిగ్నల్ గీతలు నిండుగా, ఇంటర్నెట్ సున్నా. ఇంటి వైఫైని ల్యాప్‌టాప్ చేత 'ఫర్గెట్' చేయించి, హాట్‌స్పాట్‌కి మాత్రం ఆటో కనెక్ట్ పెట్టాక, మళ్లీ తీగ పీకితే అర నిమిషంలోపే కాల్ తిరిగొచ్చింది. మేము గెలిచామనుకున్నాం.

పరీక్ష మొదలైన నలభై నిమిషాలకు కరెంటు పోయింది. తలుపు బయట కుర్చీలో నేను. లోపల సీలింగ్ ఫ్యాను ఆగిన చప్పుడే మా సైరన్. పిల్ల లేవకూడదు, మాట్లాడకూడదు, పక్కకి చూడకూడదు, గదిలో ఫోన్ ఉండకూడదు. నేను లోపలికి అడుగుపెడితే కాపీయింగ్ కేసు. కాబట్టి ఆమె లోపల బొమ్మలా, నేను బయట ద్వారపాలకుడిలా. పరికరం ఏదీ కలవకపోతే కొంతసేపటికి దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ నా హాట్‌స్పాట్‌లో ఉందని నాకప్పుడు తెలిసింది. అది ఎప్పుడో నిద్రపోయింది. నేను ఫోన్ చూసుకుని దాన్ని లేపి, ల్యాప్‌టాప్ దాన్ని పట్టుకుని, పరీక్ష సైట్ మళ్లీ ఐడీ కార్డు అడిగి, అంతా అయ్యేసరికి నాలుగు నిమిషాలు.

వాళ్ల రికార్డులో ఏం రాశారో తెలుసా? అభ్యర్థి సీటు వదిలి వెళ్లారని. కదలకుండా కూర్చున్న పిల్లని! ఫీజు కట్టింది మేం, కెమెరాకి ఇల్లంతా చూపించింది మేం, మంచం కింద కూడా చూపించింది మేం. ఒక ఫోన్ నంబర్ ముందే ఇచ్చి, బయట ఉన్న మనిషి దానికి చెప్పొచ్చు అని ఒక్క వాక్యం రాయడానికి వీళ్లకి చేతులు రాలేదా? రెండేళ్లు చదివిన పిల్ల ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు వెతికి వెతికి హెల్ప్‌లైన్ పట్టుకుంటే అటు నుంచి చల్లగా, "చాట్‌లో చెప్పాల్సింది సార్."

వచ్చే నెల మళ్లీ రాస్తోంది. ఈసారి ఐడీ తనిఖీ అప్పుడే, ఇంటర్నెట్ బతికుండగానే, ఇన్విజిలేటర్‌కి చాట్‌లో చెప్పేస్తుంది: కరెంటు పోతే హాట్‌స్పాట్ మీద తిరిగొస్తాను, ఒక నిమిషం కనబడకపోవచ్చు అని. ఆమె అభ్యర్థి నంబర్, హెల్ప్‌లైన్ నంబర్ కాగితం మీద రాసి నా జేబులో పెట్టుకున్నా. ఫ్యాను ఆగగానే టైము రాసుకుని, రౌటర్ కూడా ఆరితే దాన్ని ఫొటో తీసి, వరండాలోంచి ఫోన్ చేస్తా. హాట్‌స్పాట్ నిద్రపోయే సెట్టింగ్ తీసేశా. రౌటర్‌కి చిన్న యూపీఎస్ కూడా తెచ్చా. షాపువాడు అడాప్టర్ మీద 12 వోల్టులని రాసుందో లేదో చూసి మరీ ఇచ్చాడు.