మంచం మీద ఒత్తిగిలితే కూడా కళ్లు తిరుగుతున్నాయా?

లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నాయని ఎవరైనా అంటే చాలు, ఇంట్లో సగం మంది బీపీ పడిపోయిందంటారు, మిగతా సగం వర్టిగో అంటారు. పడుకుని ఉండగానే అటూ ఇటూ ఒత్తిగిలినప్పుడు వస్తోందా అని మాత్రం ఎవరూ అడగరు. నా చిరాకంతా అక్కడే.

మంచం మీంచి లేవడం ఈ రెంటినీ రెచ్చగొడుతుంది. ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. రక్తనాళాలు వెంటనే బిగుసుకోకపోతే మెదడుకు చాలినంత రక్తం అందక కళ్లు బైర్లు కమ్ముతాయి. లేచేటప్పుడు తల కూడా కదులుతుంది కాబట్టి, చెవి లోపల చోటు తప్పి అర్ధవృత్తాకార నాళాల్లోకి జారిన కాల్షియం రేణువులు కదిలి గది గిర్రున తిరుగుతుంది. వర్టిగోలో ఈ రకాన్నే డాక్టర్లు బీపీపీవీ అంటారు, సాధారణంగా ఒక నిమిషంలోపే తగ్గిపోతుంది.

పడుకుని పక్కకు ఒత్తిగిలితే మాత్రం బీపీ పడదు, పడాల్సిన కారణమే లేదు. అప్పుడు కూడా గిర్రుమంటే చెవిని అనుమానించాలి. ఒత్తిగిలినా, తల పైకెత్తి చూసినా ఏమీ లేకుండా, నిలబడితేనే వచ్చి కూర్చోగానే తగ్గితే బీపీని అనుమానించాలి. "తిరుగుతోందా, తూలుతోందా" అన్న ప్రశ్న మీద నాకు నమ్మకం లేదు. బీపీ పడినవాళ్లూ తిరుగుతోందనే చెబుతారు.

మా బాబాయి సంగతే చూడండి. ప్రోస్టేట్ మాత్ర మొదలయ్యాక రాత్రి బాత్రూమ్‌కి లేస్తే తూలడం మొదలైంది. వర్టిగో అనుకుని ప్రోక్లోర్‌పెరజిన్ రాశారు. ఆ మాత్రకు కూడా నిలబడినప్పుడు బీపీని తగ్గించే గుణముంది! తూలడం పెరిగింది. కూర్చోబెట్టి చూస్తే బీపీ బాగానే ఉండేది మరి. చివరికి ఒక డాక్టర్ ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూస్తే 146/84, నిలబెట్టిన ఒక నిమిషానికి 118/70. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే అది నిలబడితే పడే బీపీయే. వర్టిగో మాత్ర ఆపించి, ప్రోస్టేట్ మాత్ర మార్చారు. (ఇలాంటి మాత్రలు సొంతంగా ఆపేయకండి, దయచేసి.)

అదే ఒత్తిగిలినప్పుడు వచ్చే రకమైతే నెలల తరబడి మాత్రలు మింగడం దండగ. డిక్స్ హాల్‌పైక్ పరీక్షలో తలను ఒక పక్కకు తిప్పి వెనక్కి పడుకోబెట్టి కనుగుడ్ల కదలిక చూస్తారు. తేలితే ఎప్లీ పద్ధతిలో తలను వరసగా తిప్పుతూ రేణువుల్ని నాళంలోంచి బయటికి జారుస్తారు.

పెద్దవయసులో రెండూ ఒకేసారి ఉండొచ్చు, అందుకే ఒకటి దొరికిందని రెండోది వెతకడం ఆపకూడదు. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, అడుగు వేయలేకపోవడం తోడైతే ఈ పరీక్షలేవీ పెట్టుకోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.